తొలగించిన మనిషిని వెనక్కి తెమ్మన్నప్పుడు

ఫోటోషాప్‌లో అసలు చిత్రాన్ని లోపల భద్రంగా ఉంచే స్మార్ట్ ఆబ్జెక్ట్ లేయర్ మీద పని చేస్తే ఏదీ శాశ్వతంగా పోదని నమ్మి, పోగొట్టుకుని, ఆ పని మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ చేసి నిన్న రాత్రే ముగించాను. ఆ చిరాకు ఇంకా తగ్గకముందే, ఎక్కడ దారి తప్పానో రాసి పెట్టుకోవడం మంచిదనిపించింది.

పని చిన్నదే. పద్నాలుగు మంది వరుసగా నిలబడి ఉన్న ఒక సమూహ చిత్రాన్ని పోస్టర్‌లో పెట్టాలి. కుడి చివర ఉన్న వ్యక్తి ఆ బృందం నుంచి వెళ్లిపోయారు కనుక ఆయనను తీసేయాలి. పోస్టర్ ఫైల్ తెరిచి, Place Embedded ద్వారా జేపీఈజీ చిత్రాన్ని అందులోకి తెచ్చాను. అది తనంతట తానే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా వచ్చింది. ఇక్కడి వరకు చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఒక చోటి పిక్సెల్స్‌ను మరో చోట అద్దే క్లోన్ స్టాంప్‌ను దాని మీద పెట్టగానే, ముందు దీన్ని రాస్టరైజ్ చేయాలనే హెచ్చరిక వచ్చింది. సరే అన్నామంటే అది మామూలు పిక్సెల్ లేయర్ అయిపోతుంది, లోపలి వస్తువును తెరిచే అవకాశం పోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు కనుక వద్దన్నాను. ఆ క్షణంలో నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను కూడా. లేయర్ చిహ్నం మీద రెండుసార్లు నొక్కి లోపలి చిత్రాన్ని వేరే ట్యాబ్‌లో తెరిచాను. దాని పైన ఒక ఖాళీ లేయర్ వేసి, క్లోన్ స్టాంప్‌కు Sample దగ్గర Current & Below ఎంచుకుని, వెనుక ఉన్న గోడను, నేలను ఆ మనిషి మీదికి పరిచాను. ఈ పద్ధతిలో మనిషి చెరిగిపోడు, అతుకు కింద మరుగున ఉంటాడు. పై లేయర్ కన్ను గుర్తు ఆపితే మళ్లీ కనిపిస్తాడు.

ఆ తర్వాత Ctrl+S నొక్కితే, మౌనంగా సేవ్ కావలసింది పోయి, ఫైల్‌ను ఎక్కడ పెట్టాలో, ఏ పేరుతో పెట్టాలో చెప్పమనే పెట్టె తెరుచుకుంది. ఏమీ అర్థం కాక, అది సూచించిన పీఎస్‌డీ రూపంలోనే సేవ్ చేసి పోస్టర్‌కు తిరిగి వస్తే, అక్కడ మనిషి చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాడు. రెండుసార్లు ఇదే జరిగింది. మూడోసారి విసుగు పుట్టి, లోపలి చిత్రాన్ని మళ్లీ తెరిచి అతుకు వేసి, Layer మెనూలోని Flatten Image నొక్కి సేవ్ చేశాను. ఈసారి జేపీఈజీ నాణ్యత ఎంత ఉండాలని మాత్రమే అడిగింది. పోస్టర్‌లో మనిషి మాయమయ్యాడు. పని అయిందనుకుని ట్యాబ్ మూసేశాను. చిత్రం పోస్టర్ ఫైల్‌లోనే ఇమిడి ఉంది కదా అనే ధీమాతో, పనికిరావనుకున్న ఆ పీఎస్‌డీలను, మెయిల్‌లో వచ్చిన అసలు జేపీఈజీని కూడా తీసేశాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది: ఆయన తిరిగి చేరారు, చిత్రంలో ఉంచండి. ఒక్క నిమిషంలో పంపిస్తానని గొప్పగా చెప్పి, స్మార్ట్ ఆబ్జెక్ట్ తెరిచి చూస్తే లోపల ఉన్నది ఒకే ఒక్క లేయర్, అందులో ఉన్నది పదమూడు మందే. అతుకు, అసలు చిత్రం కలిసిపోయి, ఆ మనిషి పిక్సెల్స్ పూర్తిగా పోయాయి. రాస్టరైజ్ వద్దన్న నేనే, అంతకంటే పెద్ద నష్టాన్ని చేతులారా చేసుకున్నాను. అసలు చిత్రాన్ని మళ్లీ పంపమని వాళ్లనే అడగవలసి వచ్చింది. మీ దగ్గర లేదా అని వాళ్లు అడిగిన తీరు ఇంకా చెవుల్లో ఉంది. పైగా మొదట వచ్చింది మెసేజింగ్ యాప్ కుదించిన 1600 × 1200 పిక్సెల్స్ ప్రతి; పోస్టర్‌కు అది చాలదు. మెయిల్‌లో సరైనది చేరేసరికి మరుసటి రోజైంది.

కారణం తర్వాత తెలిసింది. స్మార్ట్ ఆబ్జెక్ట్ ఒక పెట్టె. లోపల ఏ రూపంలో ఉన్న ఫైల్‌ను పెడితే ఆ రూపమే ఉంటుంది. Place Embedded తో తెచ్చిన జేపీఈజీ, లోపల కూడా జేపీఈజీగానే ఉంటుంది. జేపీఈజీకి లేయర్లు మోసే శక్తి లేదు కనుక, లేయర్లు వేసి సేవ్ చేయబోతే అది బయట ఇంకో ఫైల్‌గా సేవ్ అవుతుంది తప్ప పెట్టెలోకి చేరదు. అన్నిటినీ కలిపేస్తే మాత్రం చేరుతుంది, కానీ అప్పుడు దాచినదేదీ దాచినదిగా మిగలదు. స్మార్ట్ ఆబ్జెక్ట్ అంటే భద్రం అని పాఠం చెప్పినవారు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఈ మూడు రోజులు మిగిలేవి. గుర్తు పట్టడం చాలా సులువు: లోపలికి తెరిచినప్పుడు ట్యాబ్ మీద పేరు చివర .jpg అని ఉంటే అక్కడ లేయర్లు నిలవవు, .psb అని ఉంటే నిలుస్తాయి.

రెండోసారి, ఆయనను ఉంచమన్నా తీయమన్నా ఒక్క నొక్కుతో కుదరాలని, చిత్రాన్ని Place చేయకుండా మామూలుగా తెరిచి, లేయర్ మీద కుడి నొక్కు నొక్కి Convert to Smart Object ఇచ్చి, ఆ లేయర్‌ను పోస్టర్‌లోకి లాగాను. ఇలా చేస్తే లోపలిది .psb అవుతుంది. ఇప్పటికే Place చేసిన చిత్రమైతే, దానికే మరోసారి Convert to Smart Object ఇస్తే చుట్టూ ఒక .psb పెట్టె ఏర్పడుతుంది. అయితే అందులో చిత్రం ఇంకా స్మార్ట్ ఆబ్జెక్ట్‌గానే ఉంటుంది కనుక, ఎంచుకున్న చోటును చుట్టుపక్కల పిక్సెల్స్‌తో నింపే Content-Aware Fill దాని మీద పనిచేయదు, ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్ మాత్రం చక్కగా పనిచేస్తుంది. పిక్సెల్ లేయర్ ఉన్న చోట Content-Aware Fill వాడితే, Output To దగ్గర New Layer ఎంచుకోవాలి. Current Layer ఉంటే అసలు చిత్రం మీదే రాసేస్తుంది.

అతుకు లేయర్‌ను పెట్టె లోపలే ఎందుకు పెట్టాలో కూడా ఈసారే అనుభవంలోకి వచ్చింది. తొందరలో మొదట అతుకును పోస్టర్‌లోనే, స్మార్ట్ ఆబ్జెక్ట్ పైన వేశాను. తర్వాత చిత్రానికి Camera Raw Filter తో కాస్త వెచ్చదనం ఇస్తే, గోడంతా పసుపు తేలింది, అతుకు మాత్రం పాత బూడిద రంగులో మనిషి ఆకారంలోనే ఉండిపోయింది. అతుకులో ఉన్నవి ఆ క్షణంలో తీసుకున్న పిక్సెల్స్. కింద వేసిన స్మార్ట్ ఫిల్టర్ వాటిని తాకదు. అందుకే అతుకులు లోపల, రంగులు దిద్దే ఫిల్టర్ బయట పెట్టుకున్నాను. ఇప్పుడు రంగు ఎన్నిసార్లు మార్చినా, చిత్రాన్ని ఎటు జరిపినా అతుకు వెంటే వస్తుంది.

పంపే ముందు లోపల అతుకు లేయర్ కన్ను ఆపి, Ctrl+S నొక్కి, పోస్టర్‌లో చూశాను. మనిషి వచ్చాడు, కానీ నేల మీద ఆయన నీడ లేదు. నీడను ఇంకో లేయర్‌లో విడిగా కప్పానన్న సంగతి మరిచిపోయాను. రెండు లేయర్లనూ ఒకే గ్రూపులో వేసి, దానికి "కుడి చివరి వ్యక్తి" అని పేరు పెట్టి, గ్రూపు కన్నునే ఆపి మళ్లీ సేవ్ చేశాను.