అరకు బస్సు ఎక్కేముందు లెక్క

రాజమండ్రి నుంచి మా తొమ్మిదో తరగతి పిల్లలని నవంబరులో అరకు తీసుకెళ్లాం. నలభై మంది పిల్లలు, ముగ్గురు టీచర్లం. బస్సులో విశాఖ వెళ్లి అక్కడ రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు చేరడం, ఖాళీ బస్సు ఘాట్ రోడ్డు మీదుగా పైకి వచ్చి మమ్మల్ని అక్కడ కలవడం, తిరుగు దారిలో బొర్రా గుహలు చూసుకుంటూ దిగడం మా ప్లాను. ఆ సొరంగాల దారి పిల్లలు రైల్లోంచే చూడాలని నేను మొదటి నుంచీ పట్టుబట్టాను.

ముగ్గురు ట్రావెల్స్ వాళ్ల దగ్గర కొటేషన్ తీసుకున్నాం. ఒకాయన తలకి ఇంత అని చెప్పిన రేటు అందరికంటే తక్కువ. కాగితం మీద రాసివ్వమంటే టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, ప్రవేశ టికెట్లు, జీఎస్టీ అన్నీ బయటే ఉన్నాయి. అవి కలిపితే ఆయన రేటే అన్నిటికంటే ఎక్కువ తేలింది. అందుకే అందరినీ ఒకే కాగితం అడిగాను: బస్సుకి మొత్తం ఎంత, మనిషికి గది, భోజనం, టికెట్లు ఎంత, ఎంతమంది మీద వేసిన రేటు ఇది.

ఈ చివరి ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. మా బస్సు బాడుగ 72 వేలు. పిల్లలు నలభై మంది వచ్చినా ముప్ఫై నలుగురు వచ్చినా అది తగ్గదు. రైలు టికెట్టుతో సహా మనిషి ఖర్చు 2,400. ముగ్గురు టీచర్ల 7,200 కూడా బస్సు లెక్కలోనే వేస్తే 79,200 అయింది. నలభై మంది పంచుకుంటే తలకి 1,980, మనిషి ఖర్చు కలిపి 4,380. ఆరుగురు తగ్గితే అదే దాదాపు 4,730 అవుతుంది. ఒకసారి 4,380 అని చెప్పాక మళ్లీ మూడొందల యాభై ఇమ్మని తల్లిదండ్రుల్ని అడగడం ఎంత కష్టమో టీచర్లందరికీ తెలుసు. అందుకని ముప్ఫై ఆరుగురే వస్తారనుకుని 4,600 పెట్టాం. మిగిలితే వెనక్కి ఇస్తామని సర్క్యులర్‌లోనే రాశాం.

రైలు టికెట్లు పోను ట్రావెల్స్ వాళ్లకి రావాల్సింది 1,68,000. ఖాయం చేసుకోగానే పాతిక శాతం, అంటే 42 వేలు అడ్వాన్సు. నెల ముందు సగం, వారం ముందు మిగతాది. ప్రతి గడువుకీ పది రోజుల ముందు మా గడువు పెట్టాం. మొదటి విడత తలకి 1,500 వసూలైతే 60 వేలు చేతికొచ్చింది. దాంట్లోనే అడ్వాన్సు, రైలు టికెట్లు అయిపోయాయి. బడి డబ్బు ఒక్క రూపాయి ముందుగా పెట్టాల్సిన పని పడలేదు. మొదటి విడత కట్టని పేరు జాబితాలో ఉండదని ముందే చెప్పాం. అలా ఆగిన ఇద్దరు వెయిటింగ్‌లోకి వెళ్లారు.

జాబితా మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆన్‌లైన్‌లో ఒక టికెట్టుకి ఆరుగురే. అందుకే హెడ్మాస్టరు గారి లెటర్‌హెడ్ మీద పేరు, వయసు, ఆడా మగా రాసి రైల్వే కమర్షియల్ అధికారికి దరఖాస్తు ఇచ్చి గ్రూపుగా తీసుకున్నాం. పేర్లన్నీ ఆధార్‌లో ఉన్నట్టే రాయించాను. ఇంటిపేరు ముందు రాసే మనలో, ఇంట్లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉన్న పిల్లలు చాలామందే. పక్క గడిలో తల్లిదండ్రుల ఫోను, మందులు, ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలెవరో కూడా రాసుకున్నాం. బస్సులో ముందు సీట్లు వాళ్లవే.

బయల్దేరడానికి వారం ముందు ఒక నాన్నగారు ఫోన్ చేశారు. “సార్, మావాడికి టైఫాయిడ్ అంటున్నారు. డబ్బులు వస్తాయా?” అదే వారం ఇంకో అమ్మాయి వాళ్లింట్లో పెళ్లి పడింది. వెయిటింగ్‌లో ఉన్న ఇద్దరికీ కబురు పెట్టాను, ఇద్దరూ డబ్బు కట్టారు. విద్యార్థుల గ్రూపు టికెట్టులో, రైలు బయల్దేరడానికి 48 గంటల ముందే హెడ్మాస్టరు రాతపూర్వకంగా అడిగితే అదే బడి పిల్లల పేర్లు ఒక్కసారి మార్చుకోవచ్చు, అదీ గ్రూపులో పది శాతం దాటకుండా. మాకు నలుగురి వరకూ వీలుంది. ఒకటే అవకాశం కాబట్టి రెండు పేర్లూ ఒకే ఉత్తరంలో ఇచ్చాం. మానుకున్న ఇద్దరికీ పూర్తి డబ్బు తిరిగిచ్చేశాం. బదులు ఎవరూ దొరక్కపోతే బస్సు వాటా పోయేది, ఖర్చు కాని భోజనం, టికెట్ల డబ్బే ఇవ్వగలిగేవాళ్లం. ఈ సంగతీ సర్క్యులర్‌లో ఉంది కాబట్టి ఎవరితోనూ మాట పట్టింపు రాలేదు.

సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. కిటికీల దగ్గర వంతులు పెట్టాల్సి వచ్చింది. ఊరికొచ్చాక బిల్లులన్నీ స్టాఫ్ రూములో బల్ల మీద పరిచి కూడాం. నలభై మంది కట్టింది 1,84,000, ఖర్చు 1,75,200. తలకి 220 చొప్పున ఆ సోమవారమే తల్లిదండ్రుల ఖాతాల్లోకి వెళ్లింది, బిల్లుల నకళ్లు నోటీసు బోర్డుకెక్కాయి.