11 దగ్గర ఆగిపోయిన ఎడమకాలు

నిన్న నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాను, పిక్క కిక్కురుమనలేదు. అదే ఎడమ పిక్క పట్టేసి మూడుసార్లు సగం దారిలో ఆటో ఎక్కినవాణ్ణి, అందుకే ఇది రాస్తున్నా.

ముందు షూస్ మార్చాను. దండగ. మా గ్రూపు కోచ్ "స్ట్రెచింగ్ చెయ్ అన్నా, చాలు" అన్నాడు. నాలుగు నెలలు గోడను తోశాను. ఇప్పటికీ అందరికీ అదే చెబుతున్నాడట.

చివరికి ఫిజియో దగ్గరికెళ్లా. పాతికేళ్ల అమ్మాయి. "అంకుల్, గోడకి రెండు వేళ్లే ఆనించి, ఒంటికాలి మీద మడమ పూర్తిగా ఎత్తి దించండి, లెక్కపెడతా. 25 దాకా రావాలి" అంది. ఇంట్లో నాలుగు హాఫ్ మారథాన్ మెడల్స్ వేలాడుతున్నాయి, ఇదొక లెక్కా అనుకున్నా. కుడికాలు 24. ఎడమకాలు ఎనిమిదికే వణకడం మొదలెట్టింది. పదకొండు తర్వాత మడమ సగమే లేస్తోంది. "మోకాలు వంచి ఊపుతున్నారు, అవి లెక్కలోకి రావు" అని ఆపేసింది. పక్క మంచం మీద మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ "నిదానంగా నాయనా" అంది. తలెత్తలేకపోయా.

పిక్కలో పైకి కనబడే కండ కాక, దాని కింద సోలియస్ అని ఇంకోటి ఉంది. పరుగులో మోకాలు కాస్త వంగి ఉంటుంది కాబట్టి ఎక్కువ బరువు దానిమీదే పడుతుందట. లాగితే దానికి బలం రాదు, బరువు మొయ్యాలి.

ఇంటి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, ఒక్కో కాలికి 12 చొప్పున మూడు విడతలు. రెండు లెక్కపెడుతూ మడమ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. తర్వాత మోకాలు కొంచెం వంచి మళ్లీ అంతే. తేలికయ్యాక ఐదు కిలోల బియ్యం బ్యాగులో పెట్టుకుని. మడమ ఎముక దగ్గరే నొప్పి ఉన్నవాళ్లు మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చెయ్యాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దున పెరిగితే మాత్రం బరువు తగ్గించాలి.

తుంటికి ఒకటే: ఎత్తుపీట మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ నేలకి తాకేలా మెల్లగా దిగడం, పదిసార్లు. మా ఆవిడ వెనకనుంచి వీడియో తీసింది. దిగిన ప్రతిసారీ నడుము ఒక పక్కకి వాలి, మోకాలు లోపలికి పోతోంది. ఆమె నవ్వింది, నేను నవ్వలేదు.

వారానికి మూడు రోజులు, పదిహేను నిమిషాలు. పది వారాలైంది. దూరం ఒక్కసారిగా పెంచితే ఇవేవీ కాపాడవని కూడా ఆ అమ్మాయే చెప్పింది. ఈ పొద్దున లెక్కపెట్టుకున్నా: ఎడమకాలు 22. కుడికి ఇంకా రెండు తక్కువ.