863 వడ్డీ కథ

ఫ్రిజ్ కోసం జూన్ 5న కార్డు మీద 20,000 గీకాను. గడువు రోజు, జూలై 10న, 15,000 కట్టాను. జూలై 20 బిల్లులో వడ్డీ 863! మిగిలిన 5,000కి నెలకి 3.5 శాతం, అంటే 175 కదా అన్నాడు బావ. నేనూ అదే నమ్మి కస్టమర్ కేర్ అమ్మాయి మీద అరిచాను. పాపం.

నిన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం మీదే మళ్లీ లెక్కేశాం. ఏడాదికి 42 శాతం, రోజుకి 0.115 చిల్లర. బిల్లు పూర్తిగా కట్టకపోతే కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుందట. అలా 35 రోజులు మొత్తం 20,000 మీద 805, ఆ తర్వాత 10 రోజులు 5,000 మీద 58. సరిగ్గా 863! జీఎస్టీ 155 వేరే.

"ఐదు వేలు ఆపినందుకా ఇంత?" అంటూ బావ పొట్లం నలిపేశాడు.