ఆ 600 ఎక్కడికి పోయింది? ఎం.ఏ. వైవాలో నా అనుభవం

నిన్న గుంటూరులో ఎం.ఏ. ఎకనమిక్స్ వైవా అయింది. రికార్డు, సంతకాలు అరగంటలో తేలిపోయాయి. నన్ను ఏడిపించింది బోర్డు మీది కస్టమ్స్ యూనియన్ లెక్క.

మన దేశం కిలో వెన్నపై 30 రూపాయల సుంకం వేస్తోంది. ప్రపంచ మార్కెట్లో ధర 50, పొరుగు దేశంలో 70. సుంకం కలిపినా బయటిదే చౌక, 80కి వస్తుంది. ఆ ధరకు మన ఉత్పత్తి 40 కిలోలు, వాడకం 60, దిగుమతి 20. ఇప్పుడు పొరుగు దేశంతో యూనియన్ కుదిరింది, వాళ్లకి సుంకం లేదు, మిగతావాళ్లకి అదే 30. ధర 70కి దిగింది, ఉత్పత్తి 35, వాడకం 65. లాభమా, నష్టమా?

డిమాండ్, సప్లై సరళరేఖలే కాబట్టి రెండు చిన్న త్రిభుజాలు గీశాను, ఒక్కోటి 25, మొత్తం 50 లాభం. ఇది ట్రేడ్ క్రియేషన్, అంటే ధర తగ్గి దిగుమతి పెరిగినందువల్ల వచ్చే లాభం. సర్కారుకి పోయిన సుంకం 20 × 30 = 600. నికరం 550 నష్టం అని రాసేశాను.

"ఏమ్మా, ఆ 600 అంతా దేశం దాటిపోయిందా?" అన్నారు సార్. నోరు పెగల్లేదు. "ఇది కూడా రాకుండా పీజీ దాకా ఎలా వచ్చావు?" అని జూనియర్ల ముందే అన్నారు. చేతిలో సుద్దముక్క చెమటకి తడిసిపోయింది. తప్పు దిద్దండి, ఎవరూ వద్దనరు, కానీ పదిమందిలో ఆ మాట అనక్కర్లేదు.

రాత్రి బ్రాడీపేట రూములో మా సీనియర్ అక్క కాగితం తీసుకుని, "ముందు మనుషుల వారీగా లెక్కెయ్యి" అంది. కొనేవాళ్లకి 625 లాభం, మన ఉత్పత్తిదారులకి 375 నష్టం, సర్కారుకి 600 నష్టం. నికరం 350 నష్టం. అప్పుడు వెలిగింది. పాత 20 కిలోలకి కిలోకి 10 తగ్గింది కదా, అంటే 600లో 200 మనవాళ్ల జేబులోనే ఉంది. అదే సరుకుకి ఇంతకుముందు బయటివాళ్లకి 50 ఇచ్చేవాళ్లం, ఇప్పుడు పొరుగువాళ్లకి 70 ఇస్తున్నాం. ఆ 20 × 20 = 400 మాత్రమే ట్రేడ్ డైవర్షన్ నష్టం. 50 లోంచి 400 తీస్తే అదే 350. త్రిభుజాలతో చేస్తే 400 తీయాలి, మనుషుల వారీగా చేస్తే 600 తీయాలి. నేను రెండు పద్ధతులూ కలిపేశాను. రెండు దారుల్లోనూ చేసి చూడండి, జవాబులు కలవకపోతే ఎక్కడో తప్పు పడినట్టే.

డైవర్షన్ అంటే నికర నష్టమేనని గైడ్లలో ఉంటుంది, నమ్మకండి. పొరుగు ధర 60 అనుకోండి, ఉత్పత్తి 30, వాడకం 70 అవుతాయి. క్రియేషన్ లాభం 200, డైవర్షన్ నష్టం 20 × 10 = 200, నికరం సున్నా. 60 కంటే కిందకి వస్తే దిగుమతంతా చౌక దేశం నుంచి మళ్లినా మనకి లాభమే. 1950లో ఆర్థికవేత్త జేకబ్ వైనర్ క్రియేషన్, డైవర్షన్ రెండింటినీ విడదీసినప్పుడు ప్రధానంగా ఉత్పత్తి ఖర్చు వైపే చూశాడు, వాడకం పెరిగినందువల్ల వచ్చే లాభాన్ని తర్వాతివాళ్లు కలిపారు.

ఈరోజు పొద్దున ఆ కాగితం సార్ టేబుల్ మీద పెట్టాను. పైనుంచి కింద దాకా చదివి, కరెక్టే అన్నారు. మార్కులు మాత్రం నిన్నే పంపించేశారట.