యాప్ తీసేశాను, ప్రొఫైల్ మాత్రం అక్కడే ఉంది

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా పిన్ని కూతురు ఫోన్ నా ముందు పెట్టి, "అక్కా, ఇది నువ్వే కదా?" అంది. డేటింగ్ యాప్‌లో నా ఫొటో. గోల్కొండ మెట్ల మీద తీయించుకున్నది. కింద పేరు, వయసు, ఉద్యోగం. అప్పటికి నాకు నిశ్చితార్థమై రెండు నెలలు. ఆ యాప్‌ని ఎనిమిది నెలల కిందటే వదిలించుకున్నాననే అనుకుంటున్నాను.

నేను చేసిందల్లా ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, ఫోన్లోంచి యాప్ తీసేయడం. రద్దు చేస్తే నెలనెలా డబ్బులు కట్ అవడం ఆగుతుంది, అంతే. యాప్ తీసేస్తే నా ఫోన్లో కనబడకుండా పోతుంది. ఖాతా ఉండేది కంపెనీ సర్వర్లో. దాన్ని తీసేయమని నేను ఎవరికీ చెప్పనేలేదు.

ఆ రాత్రే యాప్ మళ్లీ వేశాను. ఓటీపీ పాత నంబరుకి పోయింది. ఆ సిమ్ నాన్న ఫోన్లో ఉంది కాబట్టి సరిపోయింది. "నాన్నా, ఒక మెసేజ్ వస్తుంది, అందులో అంకెలు చదవండి" అని పదకొండు గంటలకి నిద్రలేపాను. రీచార్జ్ మానేసి ఉంటే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేసేవాళ్లు, నా ఖాతాలోకి నేనే వెళ్లలేకపోయేదాన్ని. నంబరు మార్చేవాళ్లు ముందు ఇలాంటి ఖాతాలు చూసుకోవాలి.

సెట్టింగ్స్ అట్టడుగున "ప్రొఫైల్ దాచు" అని పెద్ద బటన్, దాని కింద సన్న అక్షరాల్లో "ఖాతా తొలగించు". దాచితే ఎవరికీ కనబడదు గానీ అన్నీ అక్కడే ఉంటాయి. తొలగించే ముందు నా డేటా కాపీ అడిగాను. రెండు రోజులకి జిప్ ఫైల్ వచ్చింది. నేను ఎప్పుడో తీసేసిన ఫొటోలు, పాత చాట్లు, ఏ ఊళ్లో ఉండగా యాప్ తెరిచానో ఆ వివరాలు. అది చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

తర్వాత తొలగించు నొక్కాను. కారణం అడిగింది, సగం ధరకే ఇస్తానంది, చివరికి ఒప్పుకుంది. ముప్పై రోజుల్లోపు లాగిన్ అయితే ఖాతా మళ్లీ తెరుచుకుంటుందని రాసి ఉంది. పోయిందో లేదో చూద్దామని లోపలికి వెళ్తే మొదటికొస్తుందన్నమాట. అందుకే యాప్ వెంటనే తీసేసి, ఆ నెలంతా దాని జోలికి పోలేదు. (యాప్ మళ్లీ వేయడం కుదరనివాళ్లు ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో డేటా సేఫ్టీ విభాగం చూడండి. ఖాతా తొలగింపు కోరడానికి వెబ్ లింకు ఇవ్వాలని గూగుల్ నియమం.)

నెల దాటాక, ప్రైవసీ పాలసీలో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్‌కి రాశాను: నాకు సంబంధించినవి మీ దగ్గర ఇంకా ఏమున్నాయి? ప్రొఫైల్, ఫొటోలు, చాట్లు తీసేశామని, బిల్లుల వివరాలు మాత్రం లెక్కల కోసం ఉంచుతామని జవాబు. ముఖం సరిచూడటానికి నేను పంపిన సెల్ఫీ వీడియో ఊసే లేదు. అదేమైందో చెప్పమని మళ్లీ రాశాను. నాలుగు రోజులకి, అదీ తీసేశామని ఒక్క వాక్యం వచ్చింది. ఆ మెయిల్ దాచుకున్నాను.