స్టాండర్డ్ కాస్టింగ్: స్టోర్స్‌లో దొరికిన 2,700 రూపాయలు

సీఎంఏ ఇంటర్ రెండో గ్రూప్ రాస్తున్నవాళ్ల కోసం ఇది. మాది నెల్లూరు వైపు, మూడేళ్లుగా చెన్నైలోనే ఉంటున్నాను. పగలు అంబత్తూరులో ఇనుప బ్రాకెట్లు కొట్టే ఒక చిన్న ప్రెస్ షాపులో అకౌంట్స్ పని, రాత్రి కొరట్టూరు రూములో చదువు. మొదటిసారి పరీక్షలో మెటీరియల్ వేరియన్స్ లెక్క సూత్రాలన్నీ కంఠతా వచ్చి కూడా పోగొట్టుకున్నాను. ఎందుకంటే ప్రశ్నలో కొన్న సరుకు ఒక అంకె, వాడిన సరుకు ఇంకో అంకె. నేను ప్రాక్టీస్ చేసిన లెక్కలన్నిటిలోనూ ఆ రెండూ ఒకటే ఉండేవి, దాంతో హాల్లో చేతులు ఆడలేదు.

తర్వాత అర్థమైంది మాత్రం క్లాసులో కాదు, షాపులోనే. అంకెలు కొంచెం గుండ్రం చేసి చెప్తాను, పెన్ను పట్టుకుని మీరూ వెంట చేయండి.

మేం ఇనుప షీటు కోసి బ్రాకెట్లు కొడతాం. స్టాండర్డ్ ప్రకారం ఒక బ్రాకెట్‌కి అర కిలో షీటు, కిలో 70 రూపాయలు. ఆ నెల బడ్జెట్ 8,000 బ్రాకెట్లు, నిజంగా తయారైనవి 7,600. కొన్నది 5,000 కిలోలు, కిలో 67 చొప్పున. వాడింది 4,100 కిలోలు. నెల మొదట్లో స్టాక్ ఏమీ లేదు, చివర్లో 900 కిలోలు మిగిలాయి.

ముందు యూసేజ్ వేరియన్స్. తయారైన 7,600కి పట్టాల్సింది 3,800 కిలోలు, పట్టింది 4,100. అదనంగా పోయిన 300 కిలోలను స్టాండర్డ్ రేటు 70తో గుణిస్తే 21,000 అడ్వర్స్. ఇక్కడ చాలామంది బడ్జెట్‌లోని 8,000 తీసుకుని 4,000 కిలోలు పట్టాలి అని రాసేస్తారు, అప్పుడు వేరియన్స్ 7,000కి పడిపోయి ప్రొడక్షన్ వాళ్లు మంచివాళ్లయిపోతారు. చేయని 400 బ్రాకెట్ల షీటును కూడా వాళ్ల ఖాతాలో జమ వేసినట్టు అన్నమాట. మొదటి అటెంప్ట్‌లో నేను ఈ తప్పు కూడా చేశాను లెండి.

ఇక ప్రైస్ వేరియన్స్. కిలోకి 3 రూపాయలు మిగిలింది, సరే, ఎన్ని కిలోల మీద? కొన్న 5,000 మీద చేస్తే 15,000 ఫేవరబుల్, వాడిన 4,100 మీద చేస్తే 12,300 ఫేవరబుల్. రెండూ సరైనవే, కాకపోతే అవి జవాబిచ్చేది వేర్వేరు ప్రశ్నలకు.

మొత్తం కాస్ట్ వేరియన్స్ వేసి చూడండి. 7,600 బ్రాకెట్లకు స్టాండర్డ్ కాస్ట్ 2,66,000, వాడిన 4,100 కిలోలకు అసలు ఖర్చు 2,74,700, కాబట్టి 8,700 అడ్వర్స్. 12,300 ఫేవరబుల్, 21,000 అడ్వర్స్ కలిపితే సరిగ్గా ఇదే వస్తుంది. 15,000 పెట్టి కలిపితే 6,000 అడ్వర్సే వస్తుంది, 2,700 తేడా. పరీక్షలో నేను ఇలాంటి తేడా కోసమే పావుగంట వెతికాను, ఎక్కడో కూడిక తప్పిందనుకుని మళ్లీ మళ్లీ కూడి చూశాను.

ఈ 2,700 తప్పిపోలేదు, స్టోర్స్‌లో ఉంది. మిగిలిన 900 కిలోలను కిలోకి 3తో గుణించండి, 2,700. స్టాక్‌ను స్టాండర్డ్ రేటులో పెట్టే పద్ధతిలో సరుకు గేటు లోపలికి వచ్చిన రోజే ధర తేడాను విడదీసేస్తారు. ఎంట్రీ ఇలా ఉంటుంది:

```
స్టోర్స్ లెడ్జర్ కంట్రోల్ A/c   Dr  3,50,000
    To క్రెడిటర్స్ A/c                   3,35,000
    To మెటీరియల్ ప్రైస్ వేరియన్స్ A/c       15,000
```

ఆ తర్వాత స్టోర్స్ ఖాతాలో ప్రతి కిలో 70 రూపాయలే. ఇష్యూ చేసినప్పుడల్లా ఫిఫోనా, సగటు ధరా అని ఆలోచించక్కర్లేదు, కిలోలు రాసుకుంటే చాలు. పైగా కొనుగోలు వాళ్ల పని కొన్న నెలలోనే కనిపిస్తుంది. వాడకం మీద లెక్క కడితే, జూన్‌లో కొన్న సరుకు ఆగస్టులో వాడితే ఆ తేడా ఆగస్టులో బయటపడుతుంది, అప్పటికి ఎందుకు కొన్నారో ఎవరికీ గుర్తుండదు.

అయితే దీనికి ఒక ఇబ్బంది ఉంది, థియరీ ప్రశ్నలో మార్కులు అక్కడే. ముగింపు స్టాక్ పుస్తకాల్లో 63,000 చూపిస్తుంది, నిజంగా పెట్టిన డబ్బు 60,300. ఏఎస్ 2 ప్రకారం స్టాండర్డ్ కాస్ట్ సౌలభ్యం కోసం వాడుకోవచ్చు కానీ ఫలితం అసలు కాస్ట్‌కి దగ్గరగా ఉండాలి. అందుకే సంవత్సరం చివర్లో చెప్పుకోదగ్గ తేడా ఉంటే ప్రైస్ వేరియన్స్‌లో స్టాక్ వాటా, అంటే ఇక్కడ 2,700, స్టాక్ విలువలోంచి తీసేస్తారు. యూసేజ్ వేరియన్స్ 21,000 అసాధారణ వృథా వల్ల వచ్చినదైతే దాన్ని స్టాక్ విలువలో కలపకూడదు, నష్టంగా ఆ కాలంలోనే రాసేయాలి.

మరి ఆ 300 కిలోలు ఎందుకు పోయాయి? "కారణాలు వ్యాఖ్యానించండి" అనే చివరి భాగానికి మనవాళ్లు "కార్మికుల అజాగ్రత్త, యంత్ర లోపం" అని గైడులో ఉన్న జాబితా దించేస్తారు. నేనూ రిపోర్టులో అదే రాసుకెళ్తే స్టోర్స్‌లో ఉండే చిత్తూరు అన్న నవ్వి, "తమ్ముడూ, మిషన్‌ని ఎందుకు తిడతావు, షీటు వెడల్పు కొలిచి చూడు" అన్నాడు. మేం షీటును 250 మిల్లీమీటర్ల పట్టీలుగా కోస్తాం. 1,250 వెడల్పు షీటులో ఐదు పట్టీలు వస్తాయి, ఏమీ మిగలదు. ఆ నెల 3 రూపాయలు తక్కువని కలగాపులగం లాటు కొన్నారు, అందులో 1,800 కిలోలు 1,200 వెడల్పువి. వాటిలో నాలుగే పట్టీలు వస్తాయి, 200 మిల్లీమీటర్ల ముక్క పక్కన పడుతుంది, అంటే షీటులో ఆరో వంతు. 1,800లో ఆరో వంతు ఎంతో మీరే చూసుకోండి. వాడిన 4,100లో ఆ 1,800 అయిపోయాయి కాబట్టి స్టాక్‌లో మిగిలినవన్నీ మంచి వెడల్పువే.

అంటే కొనుగోలు విభాగం పేరున 15,000 ఫేవరబుల్, ప్రొడక్షన్ పేరున 21,000 అడ్వర్స్ కనబడుతున్నా, రెండూ ఒక్క నిర్ణయంలోంచే పుట్టాయి. వేరియన్స్ ఎంత పోయిందో చెప్తుంది, ఎవరి వల్ల పోయిందో చెప్పదు, దానికి సరుకు దగ్గరికి వెళ్లాలి. ముక్కలు తుక్కుకి అమ్మితే కొంత డబ్బు తిరిగొచ్చింది కానీ అది యూసేజ్ వేరియన్స్‌లోకి రాదు, విడిగా చూపాలి.

పరీక్షలో నేను పాటించింది ఇదీ. ప్రశ్న చదవగానే కొన్న కిలోలు, వాడిన కిలోలు పక్కపక్కన రాసుకుని చుట్టూ గీత గీస్తాను. "పర్చేజ్ ప్రైస్ వేరియన్స్" అనో, స్టాక్ స్టాండర్డ్‌లో ఉంచుతారనో ఉంటే కొన్నవి తీసుకుంటాను. కాస్ట్ వేరియన్స్‌తో టాలీ చూపమంటే వాడినవి. ఏమీ చెప్పకపోతే ఏది తీసుకున్నానో మొదటి లైన్లోనే అజంప్షన్‌గా రాసి, రెండింటి మధ్య తేడాను ముగింపు స్టాక్ కిలోలతో ఒక్క లైనులో కలిపి చూపిస్తాను. రెండో అటెంప్ట్‌లో ఇలాంటి లెక్కే పడింది, ఈసారి ఆ లైను రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.