పోస్ట్ చేసే ముందు స్క్రీన్‌షాట్ల నుంచి ఏమేం తీసేశాం

మా పిన్ని కూతురు ఒక లోన్ యాప్‌లో చిన్న మొత్తం అప్పు తీసుకుంది. తీసుకున్నదంతా కట్టేసినా బెదిరింపులు ఆగలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఆ మెసేజ్‌లను తన పేరు బయటపడకుండా అందరికీ కనిపించేలా పెట్టాలనుకుంది, ఆ యాప్ జోలికి ఇంకెవరూ పోకూడదని. "అక్కా, నా పేరు మీద నల్లగా గీసేశాను, ఇక పెట్టేయొచ్చా?" అని ఫైళ్లు నాకు పంపింది. పెట్టకుండా ఆగమన్నాను.

ముందు తేల్చుకోవాల్సింది మనం ఎవరి నుంచి దాస్తున్నామన్నది. దారినపోయేవాడు ఆ బొమ్మ చూస్తే మా చెల్లి ఎవరో కనిపెట్టలేడు. కానీ ఆ మెసేజ్ పంపినవాడి దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. అదే బెదిరింపును పేరు, మొత్తం మార్చి ఎంతోమందికి పంపుతాడు. వాడికి పేరు అక్కర్లేదు. ఏ రోజు ఏ నిమిషానికి వచ్చిన మెసేజో తెలిస్తే చాలు, తన జాబితాలో వేలు పెట్టి చూపించగలడు. అందుకే మా పనిలో పేరు కంటే టైమే పెద్ద సమస్య అయింది.

ఏదీ చెరపకముందే అసలు ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెట్టి, పెన్ డ్రైవ్‌లోకి కూడా కాపీ చేశాం. పోలీసు కంప్లయింట్‌కు పనికొచ్చేది ఆ అసలు ఫైలే. సైబర్ మోసాలకు 1930 నంబరు, cybercrime.gov.in పోర్టల్ ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి బైట్‌నూ లెక్కలోకి తీసుకుని తేల్చే ఒక పొడవాటి సంఖ్య. ఒక్క బైట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. కాబట్టి శుభ్రం చేసిన ఫైలు, ఆధారంగా ఇచ్చే ఫైలు ఒకటి కావడానికి వీల్లేదు. విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే చాలు:

```
certutil -hashfile Screenshot_20250211-214736.png SHA256
```

వచ్చిన సంఖ్యను ఒక నోట్‌బుక్‌లో రాయించాను. ఆ తర్వాత చేసిందంతా కాపీల మీదే.

పై కమాండ్‌లో ఫైలు పేరు మరోసారి చూడండి. 2025 ఫిబ్రవరి 11, రాత్రి 9 గంటల 47 నిమిషాల 36 సెకన్లు అని పేరులోనే ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఏ యాప్ తెరిచి ఉండగా స్క్రీన్‌షాట్ తీశారో కూడా పేరు చివర తగిలిస్తాయి. బొమ్మ ఎంత శుభ్రం చేసినా పేరు మార్చకుండా పంపితే ఆ పనంతా వృథా. మేం కాపీలకు 1, 2, 3 అని పేర్లు పెట్టాం.

ఫైలు లోపల దాగున్న వివరాలను మెటాడేటా అంటారు. అవేమిటో చూడటానికి నేను వాడే ప్రోగ్రామ్ ఎక్సిఫ్‌టూల్. ఉచితంగా దొరుకుతుంది, ఫైలు మన కంప్యూటర్ దాటి బయటికి పోదు. "మెటాడేటా తీసేస్తాం, ఇక్కడ అప్‌లోడ్ చేయండి" అనే వెబ్‌సైట్ల మీద నాకు నమ్మకం లేదు. దాచాలనుకున్న ఫైలును తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టడమెందుకు?

```
exiftool -a -G1 -s 1.png
```

మిగతావి వదిలేసి, మాకు పని ఉన్న వరుసలు ఇవి:

```
[IFD0]     Software            : Android AP3A.241005.015
[ExifIFD]  DateTimeOriginal    : 2025:02:11 21:47:36
[ExifIFD]  OffsetTimeOriginal  : +05:30
```

మొదటి వరుసలో ఉన్నది ఫోన్‌లోని ఆండ్రాయిడ్ బిల్డ్ నంబరు. ఫోన్ ఎవరిదో అది చెప్పదు గానీ ఏ రకం ఫోనో, ఏ అప్‌డేట్ మీద ఉందో చెబుతుంది. రెండోది స్క్రీన్‌షాట్ తీసిన క్షణం. ఇంకో వరుసలో సెకనులో వెయ్యో వంతు వరకూ ఉంది. మూడోది టైమ్ జోన్. జీపీఎస్ లేకపోయినా, తీసిన ఫోన్ మన దేశపు టైమ్‌లో ఉందని ఆ +05:30 చెప్పేస్తుంది. ఆండ్రాయిడ్ ఈ వివరాలను స్క్రీన్‌షాట్ సేవ్ చేసేటప్పుడు తనే రాసుకుంటుంది, మనల్ని అడగదు. లొకేషన్ మాత్రం మామూలుగా స్క్రీన్‌షాట్‌లో ఉండదు. అది కెమెరా ఫోటోల్లో ఉంటుంది.

ఇక్కడే మూడో ఫైలు దగ్గర కాస్త భయం వేసింది. ఆ లోన్ యాప్ తన స్క్రీన్‌ను స్క్రీన్‌షాట్ తీయనివ్వలేదు. కొన్ని యాప్‌లు అలా అడ్డుకుంటాయి. అందుకని మా చెల్లి రూమ్మేట్ తన ఫోన్ కెమెరాతో ఆ స్క్రీన్‌ను ఫోటో తీసింది. వాళ్లు దాన్నీ స్క్రీన్‌షాట్ అనే అంటున్నారు. ఎక్సిఫ్‌టూల్‌లో చూస్తే ఫోన్ కంపెనీ, మోడల్, టైమ్, వాటి కింద GPSLatitude, GPSLongitude వరుసలు ఉన్నాయి. ఆ అంకెలను మ్యాప్‌లో వేస్తే హాస్టల్ గేటు దగ్గరే గుర్తు పడింది. వాట్సాప్‌లో ఫోటోగా పంపి ఉంటే అది ఫోటోను కుదించేటప్పుడు ఈ వివరాలన్నీ పోయేవి. కానీ అక్షరాలు మసకబారకూడదని నాకు డాక్యుమెంట్‌గా పంపింది. డాక్యుమెంట్‌గా పంపినా, మెయిల్‌లో జతచేసినా, డ్రైవ్ లింక్ ఇచ్చినా ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది.

ఈ మెటాడేటా తీసేయడం ఆఖరి మెట్టుగా పెట్టుకోవాలి. ముందే మెటాడేటా తీసి, తర్వాత ఏదో ఎడిటర్‌లో కత్తిరిస్తే ఆ ఎడిటర్ తన పేరు, కొత్త టైమ్ మళ్లీ రాసే అవకాశం ఉంది. అందుకే ముందు బొమ్మ మీద పని చేశాం.

పైన స్టేటస్ బార్‌లో గంట, సిమ్ కంపెనీ పేరు, బ్యాటరీ శాతం, నోటిఫికేషన్ గుర్తులు ఉన్నాయి. ఆ పట్టీ మొత్తం కత్తిరించేశాం. కత్తిరిస్తే ఇంకో లాభం కూడా ఉంది. బొమ్మ పూర్తి కొలత ఫోన్ స్క్రీన్ కొలతే కాబట్టి అదీ ఒక ఆనవాలే, కత్తిరించాక అది పోతుంది. మెసేజ్ పక్కనుండే చిన్న టైమ్ అంకెలు, మధ్యలో వచ్చే తేదీ, పంపినవాడు ఉదహరించిన అప్పు మొత్తం, మా పిన్ని ఊరి పేరు, అన్నింటి మీదా గట్టి నల్ల డబ్బాలు పెట్టాం. చెల్లి మొదట గీసింది ఫోన్‌లోని హైలైటర్‌తో. చూపుకు నల్లగానే ఉంది. ఫోటో ఎడిటర్‌లో బ్రైట్‌నెస్, షాడోస్ పూర్తిగా పెంచితే కింద ఉన్న పేరు మసగ్గా చదవగలిగాను. హైలైటర్ రంగు కాస్త పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు గీసినా నమ్మలేం. నిండు రంగు నింపిన డబ్బా ఒక్కటే కింది అక్షరాలను నిజంగా చెరిపేస్తుంది.

కత్తిరించడం గురించి ఒక మాట చెప్పాలి. 2023 మార్చిలో ఏక్రోపలిప్స్ అనే లోపం బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ టూల్‌తో స్క్రీన్‌షాట్ కత్తిరిస్తే, కొత్త చిన్న బొమ్మను పాత ఫైలు మీదే రాసి, మిగిలిన తోక భాగాన్ని కోయకుండా వదిలేసేది. ఫైలు తెరిస్తే కత్తిరించిన బొమ్మే కనిపిస్తుంది, చివర్లో మాత్రం పాత బొమ్మ బైట్లు ఉండిపోతాయి. వాటి నుంచి కత్తిరించిన భాగాన్ని కొంతమేర తిరిగి రాబట్టగలిగారు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటి లోపమే దొరికింది. రెండింటికీ అప్‌డేట్లు వచ్చాయి గానీ, అప్పటికే పోస్ట్ చేసిన ఫైళ్లు అలాగే ఉన్నాయి. పీఎన్‌జీ ఫైలు IEND అనే గుర్తుతో ముగియాలి. దాని తర్వాత కూడా డేటా ఉంటే ఎక్సిఫ్‌టూల్ "Trailer data after PNG IEND chunk" అని హెచ్చరిక ఇస్తుంది. మా ఫైళ్లలో అది రాలేదు. అయినా కత్తిరించి నల్ల డబ్బాలు పెట్టిన బొమ్మను పెయింట్‌లో మొత్తం కాపీ చేసి, కొత్త ఖాళీ ఫైలులో పేస్ట్ చేసి, 1_edit.png లాంటి కొత్త పేరుతో సేవ్ చేశాం. అలా చేస్తే కంటికి కనిపించే చుక్కలే వస్తాయి, పాత ఫైలు తోక వెంట రాదు.

చివరగా మెటాడేటా తీసేసే అసలు కమాండ్:

```
exiftool -all= -o post1.png 1_edit.png
```

-o పెడితే కొత్త ఫైలు వేరుగా తయారవుతుంది. అది లేకపోతే పాత ఫైలునే మార్చి, ముందున్నదాన్ని _original అనే తోకతో పక్కన ఉంచుతుంది. ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపేవాళ్లు ఆ _original ఫైలును కూడా పంపేస్తుంటారు. అందుకే నేను -o తప్పనిసరిగా వాడతాను.

కొత్త ఫైలును మళ్లీ మొదటి ఎక్సిఫ్‌టూల్ కమాండ్‌తో చూసినప్పుడు చెల్లికి టెన్షన్ వచ్చింది. "ఇంకా తేదీ కనిపిస్తోంది కదక్కా!" అంది. ఆ వరుస పక్కన [System] అని ఉంది, పేరు FileModifyDate. అది ఫైలు లోపల రాసింది కాదు, నా లాప్‌టాప్ డిస్క్ ఆ ఫైలుకు పెట్టుకున్న గుర్తు. బొమ్మను సైట్‌కు అప్‌లోడ్ చేస్తే అది వెంట పోదు, జిప్ చేస్తే మాత్రం వెంట వెళ్తుంది. చూడాల్సింది IFD0, ExifIFD, GPS, XMP అనే గుంపులు. అవేవీ లేవు, బొమ్మ పొడవు వెడల్పుల్లాంటివే మిగిలాయి.

పోస్ట్ చేశాక ఇంకొక బ్రౌజర్‌లో లాగిన్ కాకుండా ఆ పేజీ తెరిచి, అక్కడి బొమ్మనే డౌన్‌లోడ్ చేసి మళ్లీ పరీక్షించాం. అందరికీ అందేది ఆ ఫైలే కాబట్టి చివరి పరీక్ష దాని మీదే జరగాలి.

రెండో స్క్రీన్‌షాట్‌ను మాత్రం పెట్టలేదు. అందులో మా చెల్లి ఫోన్ కాంటాక్ట్స్ నుంచి దొంగిలించిన పేర్లను వరసగా రాసి, వీళ్లందరికీ ఫోన్ చేస్తామని బెదిరించాడు. పేర్లన్నీ మూసేసినా ఎన్ని పేర్లున్నాయో, మధ్యలో తిట్టు ఎక్కడుందో చూస్తే పంపినవాడు తన మెసేజ్‌ను గుర్తుపట్టేస్తాడు. ఫైలులో దాగున్నవి తీయడానికి కమాండ్ ఉంది గానీ ఆ వాక్యాల అమరికను తీయడానికి లేదు. దాని బదులు అందులోని విషయాన్ని చెల్లి తన మాటల్లో రెండు వాక్యాలుగా రాసింది. అసలు స్క్రీన్‌షాట్‌ను పోలీసు కంప్లయింట్‌కే జతచేసింది.